ప్రాజెక్ట్ రద్దయ్యాక టీమ్‌కు ఉత్తరం రాయడం ఎలా: స్కోప్ ఎక్కడ పెరిగింది, మాట ఎక్కడ మారింది

ప్రాజెక్ట్ ఆపేస్తున్నామని చెప్పిన మీటింగ్ 11 నిమిషాల్లో అయిపోయింది. అప్పటికి 33 వారాలుగా 9 మందిమి దాని మీదే ఉన్నాం. ఆ రాత్రే టీమ్‌కు ఒక మెయిల్ రాశాను, ఎందుకో పంపలేదు. పొద్దున్నే చదివి చూస్తే అందులో ఉన్నవి మూడే మాటలు. అందరూ చాలా కష్టపడ్డారు, స్కోప్ పెరిగిపోయింది, కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చింది. ప్రాజెక్ట్ పేరు తీసేస్తే ఎవరైనా ఎవరికైనా పంపుకోగలిగే మెయిల్ అది. స్కోప్, అంటే చేస్తామని ఒప్పుకున్న పనుల జాబితా, దానంతటదే పెరిగిందా, ఎవరైనా ఊ అన్నారా? గ్యాప్ ఎవరికీ ఎవరికీ మధ్య వచ్చింది, ఏ వారంలో? దాని గురించి ఒక్క ముక్క లేదు.

పంపిన ఉత్తరం పన్నెండో రోజున తయారైంది. దాన్ని ఎలా రాశానో, ఎక్కడ తడబడ్డానో వరసగా చెబుతాను. ఇది మేనేజర్ లేదా టీమ్ లీడ్ తన టీమ్‌కు రాసే ఉత్తరం. పైవాళ్లకు ఇచ్చే క్లోజర్ రిపోర్ట్ వేరే. రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే రాసేవాడి చెయ్యి తెలియకుండానే పైవాళ్ల వైపు తిరుగుతుంది, టీమ్ దాన్ని మొదటి పేరాలోనే పసిగడుతుంది.

కేసు ఇదీ. ఇళ్లకూ ఆఫీసులకూ వెళ్లి మెషిన్లు రిపేర్ చేసే టెక్నీషియన్ల కోసం ఒక మొబైల్ యాప్. ఆ రోజు పనులు ఫోన్‌లో కనిపించాలి, నెట్ లేని సెల్లార్లలో కూడా వివరాలు రాసుకోగలగాలి, నెట్ రాగానే సర్వర్‌తో సింక్ అవ్వాలి. అనుకున్న గడువు 20 వారాలు. మొదటి డాక్యుమెంట్‌లో 14 అంశాలున్నాయి. ఆపేసే నాటికి అవి 31 అయ్యాయి.

మొదటి అడుగు: ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు

వారం లోపు రాస్తే కోపం రాస్తుంది. రెండు నెలలు దాటితే జ్ఞాపకం తనకు అనుకూలంగా కథ అల్లేసుకుంటుంది. ఈలోగా చాట్ చానెళ్లు మూసేస్తారు, సగం మంది వేరే ప్రాజెక్టుల్లోకి వెళ్లిపోతారు. ఒకటి నుంచి రెండు వారాల మధ్య నాకు సరిపోయింది.

తేదీ కన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తన తర్వాతి పని ఏమిటో తెలిసేదాకా ఈ ఉత్తరం పంపకూడదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి ‘మన పొరపాట్లు’ అన్న హెడ్డింగ్ చూస్తే, తన పేరు ఎక్కడుందా అని మాత్రమే వెతుకుతాడు. మా టీమ్‌లో చివరి ఇద్దరికి కొత్త ప్రాజెక్ట్ ఖాయమయ్యేసరికి పదో రోజు వచ్చింది. అందుకే ఆగాను.

క్లయింట్‌తో బిల్లు విషయంలో గొడవ నడుస్తుంటే, రాసే ముందే కంపెనీ లీగల్ వాళ్లను అడగండి. ‘ఇది నేను ఒప్పుకున్నాను’ అని రాసిన వాక్యం రేపు ఎవరి చేతికైనా చేరవచ్చు. మా విషయంలో ఆ గొడవ లేదు. ఉంటే ఈ ఉత్తరం బదులు గదిలో కూర్చుని నోటితో చెప్పేవాణ్ణి.

రెండో అడుగు: జ్ఞాపకాన్ని పక్కనపెట్టి కాగితాలు తీయండి

నేను రెండు రోజులు ఒక్క వాక్యం కూడా రాయలేదు. మొదటి స్కోప్ డాక్యుమెంట్, వారం వారం పంపిన స్టేటస్ రిపోర్టులు, సమస్యలు నమోదు చేసిన టికెట్లు, క్లయింట్‌తో చాట్, మీటింగ్ మినిట్స్ ముందేసుకుని, ఏది ఏ వారంలో జరిగిందో ఒక వరసలో పెట్టాను.

ఇది ఎందుకంటే, ఫలితం తెలిశాక గతం మారిపోతుంది. జరిగిన సంగతి తెలిసినవాళ్లు ‘ఇది ముందే ఊహించదగ్గదే’ అని ఎక్కువగా అనుకుంటారని బరూక్ ఫిష్‌హాఫ్ అనే సైకాలజిస్ట్ 1975లోనే ప్రయోగాలతో చూపించాడు. నా మొదటి మెయిల్‌లో ‘ఆరో వారానికే మనకు అర్థమైపోయింది’ అని రాసుకున్నాను. ఆరో వారం చాట్ తీస్తే అందరం హుషారుగా ఉన్నాం. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ముఖ్యంగా నాకు.

కాబట్టి ప్రతి పొరపాటు పక్కన ఒక చిన్న గీత గీసి, ‘ఆ రోజు మన దగ్గరున్న సమాచారం ఏమిటి’ అని రాసుకోండి. ఆ రోజు తెలియనిదాన్ని పట్టుకుని ఎవరినీ తప్పుపట్టలేం. తెలిసి కూడా వదిలేసినదే ఉత్తరంలోకి రావాలి.

మూడో అడుగు: స్కోప్ పట్టిక

స్కోప్ పెరగడాన్ని పేరాల్లో రాస్తే సంజాయిషీలా ఉంటుంది. పట్టికగా పెడితే ఎవరికి వాళ్లే చూసుకుంటారు. తర్వాత చేరిన 17 అంశాలకూ ఒక్కో వరస పెట్టాను. అన్నిటికన్నా పనికొచ్చింది మూడో నిలువు వరస, అంటే ఎవరు, ఎక్కడ ఒప్పుకున్నారన్నది. అందులోంచి నాలుగు వరసలు:

| వారం | ఏం చేరింది | ఎలా ఒప్పుకున్నాం | అంచనా | పట్టిన రోజులు |
|---|---|---|---|---|
| 4 | పనికి ఫొటో జతచేయడం | ఫోన్‌లో, నేను | 2 | 16 |
| 7 | సూపర్‌వైజర్ స్క్రీన్ | మార్పు ఫారమ్ రాసి | 10 | 13 |
| 11 | కస్టమర్ సంతకం | చాట్‌లో | 3 | 9 |
| 12 | డార్క్ మోడ్ | మనమే వేసుకున్నాం | లేదు | 6 |

మొత్తం లెక్క చూస్తే 17లో 3 మాత్రమే ఫారమ్ రాసి, అంచనా వేసి తీసుకున్నవి. 8 ఫోన్‌లోనో చాట్‌లోనో వచ్చినవి. మిగతా 6 క్లయింట్ అడగనే లేదు, ‘ఎలాగూ ఆ స్క్రీన్ ముట్టుకుంటున్నాం కదా’ అని మనమే చేర్చుకున్నవి. ఈ చివరి అంకె చూశాక, తప్పంతా క్లయింట్‌దే అని అప్పటిదాకా కాఫీ దగ్గర చెప్పుకున్న మాట ఇక చెప్పలేకపోయాం.

రోజుల లెక్క 11 అంశాలకే దొరికింది. మిగతా ఆరింటికి టైమ్‌షీట్‌లో ‘డెవలప్‌మెంట్’ అని గంపగుత్తగా ఉంది. ఆ సంగతి ఉత్తరంలో అలాగే రాశాను. ఖాళీ గడుల్లో అందాజాగా అంకెలు వేస్తే, చదివేవాళ్లలో ఒకడికి అసలు అంకె గుర్తుంటుంది. అక్కడితో మిగతా పట్టిక మీద కూడా నమ్మకం పోతుంది.

పట్టిక తర్వాత ఒక్క వరసను మాత్రం తీసుకుని పూర్తిగా విప్పి చెప్పండి. అన్నీ విప్పితే ఎవరూ చదవరు. నేను ఫొటో వరసను తీసుకున్నాను, ఎందుకంటే అది నా చేతిమీదుగా వచ్చింది. ఉత్తరంలో రాసింది ఇలా:

> నాలుగో వారంలో క్లయింట్ ఫోన్ చేసి, పాడైన పార్ట్ ఫొటో తీసి పెట్టగలిగితే బాగుంటుందన్నారు. నేను ‘చూద్దాం లెండి’ అన్నాను. నా ఉద్దేశంలో అది ఆలోచిస్తామని. ఆయనకు అది సరే అన్నట్టు వినిపించింది. మరుసటి వారం వాళ్ల మినిట్స్‌లో ‘ఫొటో సౌకర్యం ఒప్పుకున్నారు’ అని వచ్చింది. నేను దాన్ని చదివాను, ఖండించలేదు. కెమెరా తెరిచి ఫొటో తీయడం నిజంగానే రెండు రోజుల పని. కానీ నెట్ లేనప్పుడు ఆ ఫొటో ఫోన్‌లో దాచాలి, సైజు తగ్గించాలి, అప్‌లోడ్ మధ్యలో తెగితే మళ్లీ మొదలుపెట్టాలి, ఫోన్ నిండిపోతే ఏం చేయాలో చెప్పాలి. ఇవేవీ అంచనాలో లేవు, ఎందుకంటే అంచనా వేసింది నేను, కోడ్ రాసేవాళ్లను అడగకుండా.

‘చూద్దాం’ అనే మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగాను. మనం కాదనడానికి వాడే మర్యాద మాట అది. ఎదుటివాడు కూడా మనవాడే అయినా, పని జరగాలని కోరుకుంటున్నప్పుడు దాన్ని అవునుగానే వింటాడు. పాత చాట్‌లలో వెతికితే నా నుంచి అలాంటి ‘చూద్దాం’లు ఐదు దొరికాయి. ఐదూ పట్టికలో వరసలయ్యాయి.

ఫారమ్ రాసిన సూపర్‌వైజర్ స్క్రీన్ అంచనాకు దగ్గరగా రావడం చూసి, ఫారమ్ ఉంటే చాలనుకోకండి. ఆ ఫారమ్ నింపడానికి డెవలపర్, టెస్టర్ ఇద్దరూ గంటసేపు కూర్చున్నారు. పని చేసింది ఆ గంట. ఒక్క ప్రాజెక్ట్‌లో మూడు ఫారమ్‌లు చూసి అంతకన్నా పెద్ద సూత్రం చెప్పలేను.

నాలుగో అడుగు: ఒక్క మాట పైకి వెళ్తూ ఎలా మారిందో చూపండి

కమ్యూనికేషన్ పొరపాట్ల గురించి రాయడం స్కోప్ కన్నా కష్టం. ‘సమాచారం సరిగా అందలేదు’ అని రాసి వదిలేయాలనిపిస్తుంది. దానికి నాకు దొరికిన ఉపాయం ఇది. తర్వాత కొంప ముంచిన సమస్య ఒకటి ఎంచుకోండి. అది మొట్టమొదట ఏ మాటల్లో బయటపడిందో టికెట్‌లో పట్టుకోండి. అక్కడి నుంచి స్టేటస్ రిపోర్ట్ దాకా ప్రతి మెట్టు దగ్గరా అది ఏ రూపంలో ఉందో, మక్కీకి మక్కీ రాయండి.

మా విషయంలో అది సింక్. తొమ్మిదో వారంలో టెస్టర్ టికెట్ ఇలా ఉంది: ‘ఇద్దరు టెక్నీషియన్లు నెట్ లేనప్పుడు ఒకే పనిలో మార్పులు చేస్తే, తర్వాత సింక్ అయినవాళ్లదే మిగులుతోంది. మొదటివాళ్లు రాసింది పోతోంది. ప్రయత్నించిన ప్రతిసారీ ఇంతే.’

మర్నాడు స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో, డెవలపర్ మాట: ‘సింక్‌లో ఒక ఎడ్జ్ కేస్ ఉంది, చూస్తున్నాం.’

శుక్రవారం లీడ్ నాకు రాసిన నోట్: ‘సింక్ టెస్టింగ్ నడుస్తోంది, చిన్న చిన్న ఇష్యూలు.’

అదే సాయంత్రం నేను పంపిన స్టేటస్ రిపోర్ట్: ‘ఆఫ్‌లైన్ సింక్: పచ్చ. అనుకున్న ప్రకారమే.’

నాలుగు మెట్లలో ‘రాసింది పోతోంది’ అన్న ముక్క మాయమైంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. డెవలపర్ నిజంగానే చూస్తున్నాడు, టెస్టింగ్ నిజంగానే నడుస్తోంది. ఒక్కొక్కరం పక్కవాడికి టెన్షన్ ఎందుకని కొంచెం కొంచెం మెత్తబరిచాం. చెడ్డ కబురు చెప్పడానికి మనుషులు వెనకాడతారని సిడ్నీ రోజెన్, ఏబ్రహాం టెస్సర్ 1970లో ఒక పరిశోధనలో చూపించి, దానికి మమ్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. మా రిపోర్టులు తొమ్మిదో వారం నుంచి పందొమ్మిదో వారం దాకా, వరసగా 11, పచ్చగానే వెళ్లాయి. ఇరవయ్యో వారం, అంటే ఇవ్వాల్సిన వారమే, ఒక్కసారిగా ఎర్రగా మారాయి. పైన పచ్చ, కోస్తే ఎరుపు. ఇలాంటి వాటిని ఆఫీసుల్లో పుచ్చకాయ రిపోర్టులంటారు.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది, కాగితాలు తీయకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. ‘ఎడ్జ్ కేస్’, అంటే ఎప్పుడో అరుదుగా వచ్చే సందర్భం, అన్నది తప్పు. ఆ క్లయింట్ టెక్నీషియన్లు ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే వెళ్తారు. ఒకే పనిని ఇద్దరూ మార్చడం వాళ్లకు రోజూ జరిగేదే. ఆ మాట మొదటి డాక్యుమెంట్ రెండో పేజీలోనే ఉంది. డెవలపర్ ఆరో వారంలో చేరాడు, ఆ పేజీ అతనికి ఎవరూ చూపించలేదు. నేను చూపించలేదు. పైగా నేను ఒప్పుకున్న ఫొటోలు కూడా అదే సింక్ మీద పడ్డాయి. అక్కడితో స్కోప్ పొరపాటు, కమ్యూనికేషన్ పొరపాటు అని రెండు వేరే పేరాలు రాసుకున్నవాణ్ణి, వాటిని ఒకటిగా కలిపేశాను.

ఈ భాగం రాసేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ‘ఇంకోలా ఏం చెప్పి ఉండొచ్చు’ అని ఒక్క వాక్యం జతచేయండి. స్టేటస్ రిపోర్ట్‌కు నేను రాసుకున్నది: ‘ఆఫ్‌లైన్ సింక్: ఎరుపు. ఇద్దరు ఒకే పనిని మారిస్తే డేటా పోతోంది. పరిష్కారానికి ఎన్నాళ్లు పడుతుందో ఇంకా తెలియదు.’ తొమ్మిదో వారంలో ఈ మూడు వాక్యాలు రాయడానికి కావలసినదంతా టికెట్‌లో ఉంది.

ఐదో అడుగు: ఎవరు చేశారో క్రియలోనే చెప్పండి

తెలుగులో తప్పించుకోవడం చాలా తేలిక. ‘పొరపాటు జరిగింది’ అంటే చాలు, చేసినవాడు వాక్యంలోంచి లేచి వెళ్లిపోతాడు. ‘ఆలస్యమైంది’, ‘మిస్సయింది’, ‘గ్యాప్ వచ్చింది’ అన్నీ ఆ కోవకే చెందుతాయి. చిత్తుప్రతి మొత్తం వెతికి, ఇలాంటి క్రియ ఉన్న ప్రతిచోటా ఎవరు అని అడిగాను. 14 దొరికాయి. వాటిలో 9 చోట్ల జవాబు నేనే.

మనం, మేము, నేను మధ్య తేడా కూడా చూసుకోండి. ‘మనం చెప్పలేదు’ అంటే చదివేవాడు కూడా అందులో ఉన్నాడు, అతను నిజానికి చెప్పి ఉన్నా సరే. మా టెస్టర్ తొమ్మిదో వారంలోనే చెప్పింది. ‘మనం గుర్తించలేకపోయాం’ అని ఆమెకు పంపితే ఎలా ఉంటుంది? అక్కడ ‘నేను రిపోర్ట్‌లో రాయలేదు’ అని మార్చాను. నిజంగా అందరం కలిసి చేసినవాటికి, డార్క్ మోడ్ లాంటివాటికి, ‘మనం’ ఉంచాను.

వరస కూడా ముఖ్యమే. రాసేవాడి తప్పులు ముందు రావాలి. ఇతరులవి పేరుతో కాకుండా మెట్టు పేరుతో, అంటే స్టాండప్‌లో, శుక్రవారం నోట్‌లో అని. నిందలు లేని పోస్ట్‌మార్టం, అంటే ఏదైనా చెడిపోయాక ఎవరినీ నిందించకుండా కారణాలు వెతికే సమీక్ష, గురించి ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఎట్సీలో ఉండగా జాన్ ఆల్‌స్పా 2012లో రాసిన వ్యాసం చాలామందికి తెలుసు. ఆ రోజు ఆ మనిషికి అలా చేయడం ఎందుకు సరైనదనిపించిందో తెలుసుకోవాలన్నది అందులో ముఖ్యమైన మాట. దాన్ని చదివి కొందరు ఎవరి ప్రస్తావనా లేకుండా రాసేస్తారు. అది నిందలు లేని ఉత్తరం కాదు, మనుషులు లేని ఉత్తరం. నా తప్పుకు నా పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆరో అడుగు: ఎందుకు రద్దయిందో తెలిసినంతే రాయండి

స్కోప్ పెరిగింది, సింక్ పాడైంది, అందుకే రద్దయింది అని రాస్తే కథ చక్కగా అతుకుతుంది. కానీ మాకు చెప్పిన కారణం క్లయింట్ ఆ సంవత్సరం ఖర్చు తగ్గించుకోవడం. మేం 20 వారాలకు ఇచ్చి ఉంటే అది అప్పటికే వాడుకలో ఉండేది, ఆపడం కష్టమయ్యేది. అంతవరకు చెప్పగలను. ఇచ్చినా ఆపేవారేమో, చెప్పలేను. ఉత్తరంలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టాను. టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు తన కోడ్ వల్లే ప్రాజెక్ట్ పోయిందనుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

ఏడో అడుగు: పంపే ముందు ఎవరికి చూపించాలి

ఉత్తరంలో ఎవరి మాట ఉందో వాళ్లకు, వాళ్ల భాగం మాత్రమే, విడివిడిగా చూపించండి. పేరు లేకపోయినా 9 మంది టీమ్‌లో స్టాండప్‌లో ఆ మాట ఎవరన్నారో అందరికీ తెలుసు. డెవలపర్ చదివి, ‘ఎడ్జ్ కేస్ అన్నాను నిజమే, కానీ ఇద్దరిద్దరుగా వెళ్తారని నాకు తెలియదని కూడా రాయండి’ అన్నాడు. రెండో పేజీ సంగతి ఉత్తరంలోకి వచ్చింది అలాగే. లీడ్ తన నోట్ తీసేయమంది. తీయలేదు, కానీ ఆ వారం ఆమె ఒక్కతే మూడు పనులు చూస్తోందని చేర్చాను. సరేనంది, మనస్ఫూర్తిగా కాదు.

నిడివి రెండు పేజీలు, పట్టిక కాకుండా. ఇకపై చేయబోయే మార్పులు రెండే రాశాను. ఫోన్‌లో ఏదడిగినా ఆ రోజే ‘ఇది ఇంకా ఒప్పుకోలేదు’ అని రాతలో పంపడం ఒకటి. స్టేటస్ రిపోర్ట్‌లో ఎరుపు, పచ్చ రంగును టెస్టరే నింపడం, నేను మార్చాలంటే కారణం రాయడం రెండోది. పదిహేను పాఠాలు రాస్తే ఒక్కటీ ఎవరికీ గుర్తుండదు, నాక్కూడా.

ఉదయం పంపండి, శుక్రవారం వద్దు. పంపిన రోజు మీరు అందుబాటులో ఉండాలి. మీటింగ్ పెట్టి చర్చించమని ఒత్తిడి చేయకండి. జవాబు రాయాలనుకున్నవాళ్లు రాస్తారు.

నాకు నాలుగు జవాబులు వచ్చాయి. మూడు చిన్నవి. నాలుగోది జూనియర్ డెవలపర్ నుంచి, పట్టికలో పన్నెండో వారం వరస గురించి. ‘డార్క్ మోడ్ మనమే వేసుకున్నామని రాశారు సార్. మొదలుపెట్టే ముందు లిఫ్ట్ దగ్గర మిమ్మల్ని అడిగాను. మీరు ఫోన్ చూసుకుంటూ తల ఊపారు.’

నాకు గుర్తులేదు. కానీ ఆమె తేదీ కూడా రాసింది. ఆ రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. సాయంత్రం రెండో వెర్షన్ పంపాను. అందులో ఆ గడిలో ‘లిఫ్ట్ దగ్గర, నేను’ అని ఉంది. కింద లెక్కలో 8 కాస్తా 9 అయింది, 6 కాస్తా 5.